పోలో టీషర్ట్ ఫ్యాక్టరీలో కుట్టించుకునేది ఎంతసేపు, ఎదురుచూసేది ఎంతసేపు: వీఎస్‌ఎం గీసే పద్ధతి

అచ్యుతాపురం, హిందూపురం, బెంగళూరు గార్మెంట్ యూనిట్లలో ఐఈగానో సూపర్‌వైజర్‌గానో చేస్తున్నవాళ్లు తరచూ అడిగేది ఒకటే. "వాల్యూ స్ట్రీమ్ మ్యాప్ గీయమన్నారు. ట్రైనింగ్‌లో కారు విడిభాగాల ఉదాహరణ చూపించారు. మా ఫ్లోర్‌కి అది ఎలా పనికొస్తుంది?" అందుకే ఇక్కడ ఒక పోలో టీషర్ట్ తీసుకుని, ఒక్క లైన్ మీద మొదటి నుంచి చివరి దాకా లెక్క చేసి చూపిస్తున్నాను. అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవి. మీ ఫ్లోర్‌లో వేరేగా ఉంటాయి, లెక్క కట్టే తీరు మాత్రం ఇదే.

మనం పట్టుకోవాల్సిన సంగతి ఇది: ఒక పీసు ఫ్యాక్టరీలో ఉన్న మొత్తం కాలంలో దాని మీద నిజంగా పని జరిగింది ఎంత, ర్యాక్‌లోనో డబ్బాలోనో టేబుల్ కిందో పడి ఉన్నది ఎంత.

కావలసినవి

- ఒక ఎ3 కాగితం, పెన్సిల్, రబ్బరు. మొదటి మ్యాప్‌ని కంప్యూటర్‌లో గీయకండి. ఫ్లోర్ మీద నిలబడి చెరిపి రాసుకునేది కావాలి.
- ఫోన్‌లో స్టాప్‌వాచ్.
- తోడుగా ఒక మనిషి, వీలైతే ఫీడింగ్ చూసేవాళ్లు. ఏ బండిల్ ఎక్కడ దాగి ఉందో వాళ్లకి తెలిసినట్టు మేనేజర్‌కి తెలియదు.
- గత రెండు వారాల కటింగ్ రిపోర్ట్, లైన్ ఔట్‌పుట్, ప్యాకింగ్ రిపోర్ట్.
- రంగు దారం కానీ రంగు ట్యాగులు కానీ కొన్ని. ఇవి చివర్లో లెక్క సరిచూసుకోవడానికి.

1. ఒకే స్టైల్, ఒకే లైన్ పట్టుకోండి

ఫ్యాక్టరీ మొత్తం గీయాలని కూర్చుంటే మ్యాప్ ఎప్పటికీ పూర్తికాదు. కనీసం రెండు వారాలుగా నడుస్తున్న స్టైల్ ఒకటి ఎంచుకోండి. కొత్త స్టైల్ ఎక్కిన మొదటి రోజుల్లో ఔట్‌పుట్ ఇంకా కుదురుకోదు కాబట్టి ఆ అంకెలతో ఏమీ తేలదు.

మన ఉదాహరణలో స్టైల్ ఎడమ రొమ్ము మీద ఎంబ్రాయిడరీ లోగో ఉన్న పోలో. లైన్‌లో 36 మంది ఆపరేటర్లు, 480 నిమిషాల షిఫ్టు, రోజుకి సగటున 800 పీసుల ఔట్‌పుట్. కుట్టుకి శామ్ 14 నిమిషాలు. ఎఫిషియెన్సీ 65 శాతం దాకా వస్తుంది.

ఇక్కడ 800 అన్నది టార్గెట్ కాదు, గత రెండు వారాలు నిజంగా వచ్చిన సగటు. టార్గెట్ బోర్డు మీది అంకె వాడితే ఎదురుచూపు రోజులన్నీ తక్కువగా కనిపిస్తాయి. చాలా మ్యాపులు చెడిపోయేది ఇక్కడే.

2. ప్యాకింగ్ నుంచి వెనక్కి నడవండి

కార్టన్ల దగ్గర మొదలుపెట్టి ఫాబ్రిక్ స్టోర్ దాకా వెనక్కి వెళ్లండి. ప్రతిచోటా "ఈ పీసు మీ దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చింది? ఇది రావాలని ఎవరు చెప్పారు?" అని అడగండి. స్టోర్ నుంచి ముందుకి నడిస్తే, ప్రాసెస్ ఎలా ఉండాలో అదే చెబుతారు. వెనక్కి నడిస్తే ఎలా ఉందో బయటపడుతుంది.

ప్రతి విభాగానికి ఒక పెట్టె, రెండు విభాగాల మధ్య సరుకు ఆగే ప్రతిచోటా ఒక త్రిభుజం గీయండి. మన పోలోకి పెట్టెలు ఇవి: స్ప్రెడింగ్-కటింగ్, బయటి ఎంబ్రాయిడరీ, కుట్టు లైన్, ఫినిషింగ్ (దారాలు కత్తిరించడం, చెకింగ్, ఇస్త్రీ), మడత-ప్యాకింగ్. లైన్‌లోని ముప్పై చిల్లర ఆపరేషన్లకి ముప్పై పెట్టెలు గీయొద్దు. లైనంతా కలిపి ఒక్క పెట్టె చాలు. లోపలి సంగతి లైన్ బ్యాలెన్సింగ్‌కి వదిలేయండి.

ఒక చిక్కుంది. పోలోలో ముందు భాగం, వెనక భాగం, చేతులు, కాలర్ వేర్వేరు దారుల్లో వస్తాయి. ఏ భాగాన్ని అనుసరించాలి? ఎక్కువ దూరం తిరిగేదాన్ని. ఇక్కడ ఎంబ్రాయిడరీకి వెళ్లొచ్చేది ముందు భాగం కాబట్టి దాన్నే లెక్కపెడతాం. చేతులు, వెనక భాగం కూడా లెక్కపెట్టి కలిపితే ఒకే టీషర్ట్ రెండు మూడుసార్లు లెక్కలోకి వస్తుంది. బయట నుంచి అల్లిన కాలర్ వచ్చే యూనిట్లలో దానికి పక్కన చిన్న కొమ్మ గీసి వదిలేయండి. కాలర్ లేక బండిళ్లు ఆగితే ఆ సంగతి ఆ కొమ్మ దగ్గరే రాయండి.

3. ఆగి ఉన్న సరుకు లెక్కపెట్టండి

అసలు పని ఇదే, సగం రోజు దీనికే పోనివ్వండి. భోజనం విరామంలో లెక్కపెడితే మేలు. బండిళ్లు కదలవు, ఒకే బండిల్ రెండుచోట్ల లెక్కకి రాదు. ఇద్దరు ఉంటే ఒకరు లైన్‌లో, ఒకరు ర్యాకుల దగ్గర.

ఎక్కడ ఏ కొలతలో ఉన్నా పీసుల్లోకి మార్చండి. స్టోర్‌లో ఫాబ్రిక్ 1,792 కిలోలు ఉందనుకుందాం. ఒక పోలోకి 280 గ్రాములు పడితే అది 6,400 పీసుల సరుకు. బండిళ్లయితే టికెట్ మీద సీరియల్ నంబర్లు చూసి పీసులు తీయండి. బండిల్‌కి 20 అని గుడ్డిగా గుణించకండి, సైజు చివరి బండిళ్లలో ఏడో ఎనిమిదో ఉంటాయి.

ఆల్టర్ పీసులు మరవకండి. అవి ఎవరికీ కనబడకూడదని టేబుల్ కింద, చెకర్ వెనక డబ్బాలో, ఒక్కోసారి సూపర్‌వైజర్ బీరువాలో కూడా ఉంటాయి. మీరు తప్పు పట్టడానికి రాలేదని ముందే చెబితేనే అవి బయటికి వస్తాయి.

ఇంకో జాగ్రత్త కార్టన్ల దగ్గర. మిగతా చోట్ల సరుకు దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. కార్టన్లు మాత్రం పేరుకుంటూ పోయి, ట్రక్కు వచ్చిన రోజు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. 3,000 పీసుల పీవోలుగా షిప్‌మెంట్ వెళ్తుంటే, వరసగా అయిదు రోజుల లెక్క 1,400, 2,200, 3,000, 3,800, 1,600 అని రావచ్చు. మొదటి రోజు చూసినవాడు రెండు రోజులు కూడా ఆగట్లేదంటాడు, నాలుగో రోజు చూసినవాడు అయిదు రోజులు ఆగుతోందంటాడు. కార్టన్లకి మాత్రం అయిదారు రోజులు లెక్కపెట్టి సగటు తీయాల్సిందే. ఇక్కడ సగటు 2,400.

4. పీసుల్ని రోజుల్లోకి మార్చండి

సూత్రం చిన్నది:

```
ఎదురుచూపు (రోజులు) = ఆగి ఉన్న పీసులు ÷ రోజు సగటు ఔట్‌పుట్
```

మన పోలోకి 800తో భాగిస్తే:

| ఎక్కడ | పీసులు | రోజులు |
|---|---|---|
| ఫాబ్రిక్ స్టోర్ | 6,400 | 8 |
| ఎంబ్రాయిడరీకి పంపినవి | 1,600 | 2 |
| లైన్ ముందు ఇన్‌పుట్ ర్యాక్ | 3,200 | 4 |
| కుట్టు లైన్ లోపల | 1,000 | 1.25 |
| లైన్‌కి, ఫినిషింగ్‌కి మధ్య | 1,200 | 1.5 |
| ఫినిషింగ్‌కి, ప్యాకింగ్‌కి మధ్య | 1,000 | 1.25 |
| కార్టన్లు | 2,400 | 3 |
| మొత్తం | 16,800 | 21 |

ఇవి పనిదినాలు. ఆదివారాలు కలిపితే క్యాలెండర్ మీద 24 రోజులు దాటుతుంది. రెండింట్లో ఏది రాస్తున్నారో మ్యాప్ మీదే పెద్దగా రాయండి. మర్చండైజర్ క్యాలెండర్ రోజుల్లో మాట్లాడతారు, ఫ్లోర్ పనిదినాల్లో మాట్లాడుతుంది. మీటింగ్‌లో గొడవ సగం దీని మీదే నడుస్తుంది.

ఇంకో తప్పు కూడా తరచూ కనిపిస్తుంది. "బండిల్‌లో 20 పీసులుంటే ఒక పీసు కుడుతున్నప్పుడు 19 ఆగుతాయి కదా" అని ఆ సమయాన్ని విడిగా లెక్కగట్టి మళ్లీ కలుపుతారు. ఆ 19 పీసులూ లైన్ లోపల ఉన్న 1,000లో ఇప్పటికే ఉన్నాయి. రెండోసారి కలపకండి.

5. పని జరిగిన నిమిషాలు తీయండి

పీసు మీద ఏ పని జరిగినా విలువ చేరినట్టు కాదు. గుడ్డ రూపం మారాలి, ఆ మార్పుకి బయ్యర్ డబ్బిస్తాడా అని అడగాలి. కత్తిరించడం, ఎంబ్రాయిడరీ, కుట్టడం, ఇస్త్రీ, మడిచి ప్యాక్ చేయడం ఇందులోకి వస్తాయి. నంబరింగ్, బండిల్ కట్టడం, మోయడం, చెకింగ్, ఆల్టర్ కుట్టడం రావు. చెకింగ్‌ని తీసేసినప్పుడు క్వాలిటీ వాళ్లకి కోపం వస్తుంది. చెకింగ్ వద్దని కాదు, చెక్ చేసినందువల్ల టీషర్ట్ మారలేదని మాత్రమే అర్థమని చెప్పండి.

ఒక పీసుకి కటింగ్ వాటా 1 నిమిషం. లోగోకి 3,500 కుట్లు, మెషిన్ నిమిషానికి 700 కుట్లు వేస్తే 5 నిమిషాలు. కుట్టు 14, ఇస్త్రీ 1, మడత-ప్యాకింగ్ 1. మొత్తం 22 నిమిషాలు.

నిజానికి ఆ 14లో కూడా అంతా కుట్టు కాదు. బండిల్ విప్పడం, పీసు తీయడం, అంచులు కలపడం, పక్కన పెట్టడం, దానికి తోడు అలవెన్సు. సూది తిరిగేది చాలా ఆపరేషన్లలో నాలుగో వంతు అటూఇటూ. కానీ మొదటి మ్యాప్‌లో శామ్ మొత్తాన్నీ విలువ కిందే వేసుకోండి. సూది సమయం మీద వాదన మొదలుపెడితే రెండు రోజులు పోతాయి, చివరి జవాబు మాత్రం మారదు. ఎందుకో కింద చూడండి.

6. మెట్ల గీత గీసి నిష్పత్తి తీయండి

మ్యాప్ అడుగున మెట్లలాంటి గీత గీయండి. పై మెట్టు మీద ఎదురుచూపు రోజులు, కింది మెట్టు మీద పని నిమిషాలు. 21 రోజులు అంటే 21 × 480, అంటే 10,080 నిమిషాలు.

```
22 ÷ 10,080 = 0.0022, అంటే 0.22 శాతం
```

వెయ్యి నిమిషాల్లో రెండు నిమిషాలు పని, మిగతాదంతా పడి ఉండటం. మొదటిసారి చూసినవాళ్లు దశాంశ బిందువు తప్పు పడిందనుకుంటారు. గార్మెంట్‌లో ఒక శాతం లోపు రావడం వింతేమీ కాదు. మీకు 10 శాతమో 20 శాతమో వచ్చిందంటే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఫాబ్రిక్ స్టోర్, కార్టన్లు వదిలేసి లైన్ ఒక్కటే లెక్కపెట్టి ఉంటారు, లేదా 36 మంది నిమిషాలనీ, ఒక్క పీసు నిమిషాలనీ కలిపేసి ఉంటారు.

ఇప్పుడు సూది సమయం దగ్గరికి వద్దాం. మెథడ్ మార్చి శామ్‌ని 14 నుంచి 12కి తెచ్చారనుకోండి. ఒక పీసుకి మిగిలేది 10,080లో 2 నిమిషాలు. ఖర్చు తగ్గుతుంది, లైన్ కెపాసిటీ పెరుగుతుంది, అది మంచిదే. కానీ డెలివరీ తేదీ దానివల్ల ముందుకు రాదు. ఔట్‌పుట్ పెరిగితే కుప్పలు త్వరగా కరగాలి కదా అనొచ్చు. కరగవు, ఎందుకంటే లైన్ వేగం పెరిగిందని తెలియగానే కటింగ్ కూడా ఎక్కువ కోసి ర్యాక్ నింపుతుంది.

7. మూడు రంగులు వేయండి

విలువ చేర్చే పనికి ఆకుపచ్చ, తప్పని ఆగడానికి పసుపు, ఊరికే పడి ఉన్నదానికి ఎరుపు. పసుపు జాగ్రత్తగా వేయండి. నిట్ ఫాబ్రిక్ రోల్ విప్పాక రిలాక్స్ అవడానికి సాధారణంగా ఇచ్చే 24 గంటలు పసుపు. లీడ్‌టైమ్ తగ్గించాలని దాన్ని కోసేస్తే, కత్తిరించాక గుడ్డ కుంచించుకుని మెజర్‌మెంట్ ఫెయిల్ అవుతుంది. మెటల్ డిటెక్టర్, ఫాబ్రిక్ ఇన్‌స్పెక్షన్ కూడా పసుపే. అయితే రిలాక్సేషన్ పేరు చెప్పి స్టోర్‌లోని 8 రోజులకీ పసుపు పూయకండి. అందులో ఒక రోజే పసుపు.

8. ప్రతి ఎరుపు దగ్గరా కారణం రాయండి

ఇక్కడ రెండు కుప్పల సంగతి చూద్దాం.

ఇన్‌పుట్ ర్యాక్‌లో 3,200 పీసులు ఎందుకున్నాయి? కటింగ్‌కి ప్లాన్ వారానికి ఒకసారి వస్తుంది, ఆ విభాగాన్ని కొలిచేది రోజుకి ఎన్ని పీసులు కోశారన్న దాంతో. ఎత్తైన లే వేసి, సులువుగా ఉన్న సైజులు ముందు కోసేస్తారు. లైన్‌కి ఏది కావాలో వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. ర్యాక్ నిండుగా ఉన్నా మధ్యాహ్నానికి "ఎం సైజు లేదు, ఫీడింగ్ లేదు" అన్న కేక వినబడేది అందుకే. దీనికి మందు ర్యాక్‌కి పరిమితి పెట్టడం. 1,200 పీసులు నిండితే కటింగ్ ఆగాలి, కోసేది కూడా లైన్ అడిగిన సైజే. 1,200 ఎందుకంటే, ఎంబ్రాయిడరీ బండి ఒక రోజు ఆలస్యమైనా 800 పీసులతో లైన్ నడవాలి, సైజుల తేడాలకి ఇంకో సగం రోజు. మీ ఎంబ్రాయిడరీ రెండు రోజులు ఆలస్యం చేసే రకమైతే ముందు దాన్ని సరిచేయండి, ఆ తర్వాతే పరిమితి తగ్గించండి. 3,200 నుంచి 1,200కి వస్తే రెండున్నర రోజులు తగ్గినట్టు.

ఇక కార్టన్లు. ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌కి బయ్యర్లు సాధారణంగా సరుకంతా తయారై, కనీసం 80 శాతం ప్యాక్ అయి ఉండాలంటారు. 3,000లో 2,960 అయిపోయి, ఎక్సెల్ సైజు 40 పీసులు ఆల్టర్‌లోనో, మరక పోగొట్టే చోటో, ప్యానెల్ రీప్లేస్‌మెంట్ కోసం కటింగ్‌లోనో ఇరుక్కుంటాయి. ఆ 40 కోసం మిగతా అన్నీ ఆగుతాయి. ప్యాకింగ్‌లో ఇంకో ఇద్దరిని పెట్టినా ఇది కదలదు. పీవో వారీగా, సైజు వారీగా ఎన్ని తక్కువ పడుతున్నాయో రోజూ ఉదయం రాసి, రీప్లేస్‌మెంట్ ప్యానెళ్లని మొదటి లే కోసినప్పుడే అడిగి తెచ్చుకోవాలి. అలా చేసినా కార్టన్లు సున్నాకి రావు. రోజుకి 800 చొప్పున 3,000 నిండటానికే నాలుగు రోజులు పడుతుంది కాబట్టి, సగటున రెండు రోజులు అక్కడ ఉండి తీరాలి. మూడు నుంచి రెండుకి తెస్తే చాలు. పీవో సైజు చిన్నదైతే తప్ప అంతకన్నా ఆశపడకండి.

ఈ రెండింటితో 21 రోజులు 17.5 అవుతాయి. మొదటి విడతకి ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు.

మ్యాప్ నిజమేనా? సరిచూసుకోవడం

కటింగ్‌లో బండిల్ కట్టేటప్పుడు అయిదారు బండిళ్లకి రంగు ట్యాగు కట్టండి. సైజులు వేర్వేరుగా ఉండేలా చూడండి. ఎంబ్రాయిడరీకి వెళ్లినప్పుడు, వచ్చినప్పుడు, లైన్ ఎక్కినప్పుడు, దిగినప్పుడు, కార్టన్‌లో పడినప్పుడు తేదీ, గంట రాయించండి. మన లెక్కలో కటింగ్ నుంచి కార్టన్ దాకా 2 + 4 + 1.25 + 1.5 + 1.25, అంటే 10 రోజులు.

బండిళ్లన్నీ ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో తేలితే మ్యాప్‌ని నమ్మొచ్చు. ఒకటి నాలుగు రోజుల్లో, ఇంకొకటి పదిహేడు రోజుల్లో వస్తే సగటు సరిపోయినా ఒక జబ్బు ఉన్నట్టే: ముందు వచ్చినది ముందు వెళ్లట్లేదు. ర్యాక్‌లో పైన పెట్టిన కొత్త బండిళ్లు ముందు లైన్ ఎక్కుతున్నాయి, పాతవి అడుగున మిగులుతున్నాయి. షేడ్ తేడాలు, దొరకని సైజులు చివర్లో తేలేది ఈ అడుగు బండిళ్లలోనే. అలాంటప్పుడు పరిమితి కన్నా ముందు ర్యాక్‌లో అరలకి కటింగ్ తేదీలు అంటించాలి.

అన్ని బండిళ్లూ లెక్క కన్నా ఆలస్యంగా వస్తే మీ కంటపడని కుప్ప ఎక్కడో ఉంది. ఎంబ్రాయిడరీ యూనిట్‌కి స్వయంగా వెళ్లి చూడండి. మన గేట్‌పాస్ పుస్తకంలో "పంపాం" అని ఉన్నవి అక్కడ ఇంకా మూటలు విప్పకుండా ఉండొచ్చు.

మార్పు చేసిన నాలుగు వారాలకి అదే పద్ధతిలో, అవే చోట్ల మళ్లీ లెక్కపెట్టండి. ర్యాక్‌లో 1,200 కనిపిస్తుందని సంతోషించే ముందు కటింగ్ టేబుళ్ల కిందా, నంబరింగ్ దగ్గరా చూడండి. పరిమితి పెట్టగానే కోసిన ప్యానెళ్లు అక్కడికి చేరడం మామూలే. మొత్తం పీసులు 16,800 నుంచి తగ్గాయా లేదా అన్నదే చూడాలి. దానితోపాటు ఫీడింగ్ లేక లైన్ ఆగిన నిమిషాలు రోజూ రాయించండి. అవి పెరిగితే పరిమితిని 1,200 నుంచి 1,400కి పెంచి, ఇంకో వారం చూసి మళ్లీ తగ్గించండి.